కనీసం 6 శాతం రావాలి: ఈ మూడింటిలో తప్పిపోయే అవకాశం దేనికి తక్కువ?

పర్లాకిమిడి రమణ

అందరికీ నమస్కారం. పాతపట్నం దగ్గర మా నాన్నగారి పొలం అమ్మగా వచ్చిన 30 లక్షలు నా పేరున ఉన్నాయి. అందులో మా తమ్ముడికీ వాటా ఉంది. నాలుగేళ్ల తర్వాత పంచుకుందామని, అప్పటిదాకా దాని మీద వచ్చేది అమ్మాయి చదువుకు వాడుకోమని తమ్ముడే అన్నాడు. అమ్మాయి బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 1.8 లక్షలు. అసలు మాత్రం తగ్గకూడదు. అంటే నాకు ఏటా 6 శాతం చేతికి రావాలి.

బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే 7 శాతం. కానీ నా పెన్షన్ వల్ల పన్ను పోగా దాదాపు 5.5 మిగులుతుంది. 30 లక్షల మీద 1.65 లక్షలు. ఏటా 15 వేలు తక్కువ పడుతోంది.

గుణుపురంలో తెలిసినాయన ఒకరు మ్యూచువల్ ఫండ్స్ చూస్తారు. రూళ్ల కాగితం మీద మూడు వరుసలు గీసి, పన్ను పోగా ఎంత రావచ్చో, ఏడాదికేడాదికి ఎంత ఊగవచ్చో రాసిచ్చారు. మొదటిది సగం ఎఫ్‌డీ, సగం మిశ్రమ ఫండ్: సగటున 7.5, స్టాండర్డ్ డీవియేషన్ 3. రెండోది మొత్తం మిశ్రమ ఫండ్ (బాండ్లు, షేర్లు కలిసినది): 9.5, డీవియేషన్ 6. మూడోది ఎక్కువగా షేర్లు: 12, డీవియేషన్ 16. కింద "సేఫ్టీ ఫస్ట్ రేషియో ప్రకారం రెండోది మంచిది" అని రాసి గీత గీశారు. మొదటి దాంట్లో సగం బ్యాంకులోనే ఉంటుంది కదా, అది రెండోదానికంటే తక్కువ భద్రం ఎలా అవుతుంది? ఇదే నాకు మింగుడుపడటం లేదు.

రాయగడ శ్రీను

రమణ గారూ, నేనూ ఈ లైన్లోనే ఉన్నాను. ఇది పేరు మార్చిన షార్ప్ రేషియోనే. వచ్చే రాబడిలోంచి ఒక రేటు తీసేసి డీవియేషన్‌తో భాగించడం. ఎక్కడైనా షార్ప్ ఎక్కువ ఉన్నది తీసుకుంటే సరిపోతుంది, దీనికి వేరే లెక్క అక్కర్లేదు. ఫండ్ వివరాల కాగితాల్లో ఆ అంకె ఉంటుంది చూడండి.

బరంపురం సుజాత

శ్రీను గారూ, లెక్క వేసే తీరు అదే, నిజమే. కానీ తీసేసే రేటు వేరు, ఈ కేసులో తేడా అంతా అక్కడే ఉంది. షార్ప్‌లో రిస్క్ లేని రేటు తీసేస్తాం. ఇక్కడ రమణ గారికి కావలసిన కనీస రాబడి తీసేస్తాం. ఆయన అంకెలతోనే చేసి చూడండి.

బ్యాంకు రేటు 5.5 తీసేస్తే, మొదటిదానికి 2ను 3తో భాగించాలి, 0.67. రెండోదానికి 4ను 6తో భాగించాలి, అదీ 0.67. రెండూ సమానం. షార్ప్ వీటి మధ్య తేడా చెప్పలేదు.

ఇప్పుడు ఆయనకు కావలసిన 6 తీసేయండి. మొదటిదానికి 1.5ను 3తో భాగిస్తే 0.50. రెండోదానికి 3.5ను 6తో భాగిస్తే 0.58. మూడోదానికి 6ను 16తో భాగిస్తే 0.375. రాబడులు గంట ఆకారంలో పరుచుకుంటాయనుకుంటే, 6 కంటే తక్కువ వచ్చే అవకాశం వరసగా నూటికి 31, 28, 35. గుణుపురం ఆయన లెక్క తప్పు కాదు.

ఎవరైనా స్ప్రెడ్‌షీట్‌లో చూసుకోవాలంటే B1లో కనీస రాబడి, B2లో సగటు, B3లో డీవియేషన్ వేయండి. B4లో మొదటి వరస, B5లో రెండోది:

```
=(B2-B1)/B3
=NORM.S.DIST(-B4,TRUE)
```

జయపురం అప్పారావు

అమ్మా సుజాతా, నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. 0.58 అంటే నూటికి 58 సార్లు గెలుస్తాడు, 42 సార్లు ఓడతాడు అనేగా? అంత చేతకాని పథకాన్ని భద్రం అని ఎలా అంటారు? రమణ గారూ, ఆడపిల్ల చదువు డబ్బు. కదలకుండా ఎఫ్‌డీలో పెట్టండి.

బరంపురం సుజాత

అప్పారావు గారూ, 0.58 శాతం కాదండీ. సగటు రాబడి కనీసానికి ఎంత ఎత్తున ఉందో డీవియేషన్లలో కొలిచిన దూరం అది. 9.5కీ 6కీ మధ్య 3.5 ఉంది, ఒక డీవియేషన్ 6, కాబట్టి ఒక డీవియేషన్‌లో సగం కంటే కాస్త ఎక్కువ దూరం. ఆ దూరాన్ని అవకాశంగా మార్చేది పైన ఇచ్చిన రెండో వరస. దాని ప్రకారం తప్పేది 28, నిలిచేది 72.

మీ ఎఫ్‌డీ మాటకు వస్తే, రమణ గారి అసలు ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఎఫ్‌డీకి ఊగిసలాట లేదు. ఆయనకు కావలసింది 5 శాతమే అయి ఉంటే, 5.5 ఇచ్చే ఎఫ్‌డీ ఎప్పుడూ తప్పదు, దాన్ని ఏ ఫండూ గెలవలేదు. కానీ కావలసింది 6. 5.5 ఎంత నమ్మకంగా వచ్చినా 6 కాదు. అంటే ఈ కొలత దృష్టిలో ఎఫ్‌డీ నూటికి నూరు సార్లు తప్పుతుంది.

అందుకే ఎఫ్‌డీ కలిపేకొద్దీ పరిస్థితి మెరుగుపడదు, చెడుతుంది. మూడొంతులు ఎఫ్‌డీ, ఒక వంతు మిశ్రమ ఫండ్ అనుకోండి. సగటు 6.5, డీవియేషన్ 1.5, రేషియో 0.33, తప్పే అవకాశం 37. తొమ్మిది వంతులు ఎఫ్‌డీ, ఒక్క వంతు ఫండ్ అయితే సగటే 5.9. కనీసానికి కిందనే మొదలవుతోంది, తప్పే అవకాశం 57. తప్పకుండా కిందకు లాగేదాన్ని కలిపితే, మిగతాది దాన్ని పైకి ఎత్తాలి కదా.

కావలసిన కనీస రాబడికి 5.5 దగ్గర ఒక గీత ఉంది. కావలసింది దానికి కొంచెం కింద ఉంటే అంతా ఎఫ్‌డీ, కొంచెం పైన ఉంటే ఎఫ్‌డీయే వద్దు. అర శాతం తేడాకు సలహా ఇటు నుంచి అటు తిరిగిపోతుంది. ఈ రేషియోతో జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. కనీసం ఎంత అన్నది కళ్లు మూసుకుని రాసే అంకె కాకూడదు. అంకెలన్నీ పన్ను పోగా వేయాలని కూడా ఇందుకే అంటాను. ఎఫ్‌డీకి 7 అని పన్ను ముందరి అంకె రాసుకుని ఉంటే, గీతకు ఆ పక్కకు వెళ్లి పూర్తిగా వేరే జవాబు వచ్చేది.

పర్లాకిమిడి రమణ

ఇప్పుడు అర్థమైంది సుజాత గారూ. అంటే "సగం బ్యాంకులో ఉంది కాబట్టి భద్రం" అన్నది నా మనసులో ఉన్న భద్రత. కాగితం మీద కొలిచింది 6 వచ్చే భద్రత.

కాశీనగర్ కాజు

మంచి చర్చ. నాది వేరే కేసు, సలహా కావాలి. మాది పచ్చి జీడిగింజల వ్యాపారం. వేసవిలో పంట దిగినప్పుడు కొని, గోడౌన్‌లో ఆరబెట్టి ఉంచి, దీపావళి ముందు పలాస మిల్లులకు అమ్ముతాం. పెట్టుబడి అప్పు మీదే, ఏడాదికి 12 శాతం, అంటే ఆరు నెలలకు 6. ఈసారి నా అంచనా 5 శాతం లాభం. మామూలు సరుకుకైతే ధర అటూ ఇటూ 10 శాతం ఊగుతుంది. మా బావమరిది వేరే ఊరి సరుకు చూపిస్తున్నాడు, దానికీ లాభం 5 శాతమేగానీ ఊగేది 20. ఈ లెక్కతో ఏది కొనాలి?

బరంపురం సుజాత

మీ కేసులో ఈ రేషియోను పట్టించుకోకండి. ఎందుకో చూపిస్తాను. మీకు కనీసం కావలసింది వడ్డీ 6, అంచనా 5. మామూలు సరుకుకు 5లోంచి 6 తీసేసి 10తో భాగిస్తే మైనస్ 0.10. బావమరిది సరుకుకు మైనస్ 0.05. పెద్ద అంకె రెండోది, కాబట్టి రేషియో ఎక్కువ ఊగేదాన్ని కొనమంటుంది. సగటునే వడ్డీ రానప్పుడు, అదృష్టం బాగుంటే బయటపడటానికి పెద్ద ఊపు ఉన్నదే మేలని దాని లెక్క. అప్పు తెచ్చిన వ్యాపారి అలా ఆలోచించకూడదు. రేషియో మైనస్‌లోకి వెళ్లిందంటే, ఎంచుకోవాల్సినవాటిలో మీ అవసరం తీర్చేది లేదని చెబుతోంది. అప్పు తగ్గించడమో, తక్కువ వడ్డీకి తేవడమో, ఈ ఏడాది తక్కువ కొనడమో చూడండి.

కాశీనగర్ కాజు

వడ్డీ తగ్గించే దారి ఉంది. సొసైటీలో అడుగుతాను.

కోరాపుట్ లత

నాకు ఇందులో ఒక విషయం అసలు నచ్చడం లేదు. రమణ గారు మొదట్లోనే రాశారు, ఎఫ్‌డీలో వేస్తే ఏటా 15 వేలు తక్కువ పడుతుందని. ఈ రేషియో దాన్ని నూటికి నూరు ఓటమి అంటోంది. సరే. ఇప్పుడు రెండో పథకం తప్పితే ఎంత తప్పుతుందో చూడండి. సగటుకు రెండు డీవియేషన్లు కింద పడ్డ చెడ్డ ఏడాదిలో 9.5లోంచి 12 తీసేస్తే మైనస్ 2.5. 30 లక్షలు 29.25 అవుతాయి. ఫీజు 1.8 కట్టాక 27.45 లక్షలు. రెండున్నర లక్షల లోటు! 15 వేల లోటునూ రెండున్నర లక్షల లోటునూ ఒకే ఓటమిగా లెక్కపెట్టే కొలతను నేనైతే తమ్ముడి వాటా మీద వాడను.

రాయగడ శ్రీను

లత గారూ, అంత చెడ్డ ఏడాది నూటికి రెండు మూడు సార్లకు మించి రాదు. దాన్ని పట్టుకుని మిగతా 97 ఏళ్లు వదులుకుంటామా?

కోరాపుట్ లత

ఆ నూరేళ్లు రమణ గారికి లేవు శ్రీను గారూ. నాలుగేళ్లే ఉన్నాయి.

బరంపురం సుజాత

లత గారు పట్టుకున్నది నిజమైన లోపం. ఈ పద్ధతి చెప్పిన ఎ.డి. రాయ్ 1952లో ఎకనమెట్రికా పత్రికలో రాశారు. మార్కోవిట్జ్ పోర్ట్‌ఫోలియో వ్యాసం వచ్చింది కూడా ఆ ఏడాదే. రాయ్ ఆ కనీసాన్ని ఒక విపత్తు గీతగా చూశారు. దాని కిందకు పడ్డామా లేదా అన్నదే ప్రశ్న, ఎంత లోతుకు పడ్డామన్నది ఆ లెక్కలోకి రాదు. గీత కిందకు వెళ్తే దివాలాయే అనే చోట అది సరిపోతుంది. 15 వేల లోటు విపత్తా అన్నది రమణ గారే చెప్పాలి. ఆ 15 వేలు పెన్షన్‌లోంచి వేసుకోగలిగితే, ఆయన నిజమైన కనీసం 6 కాదు, 5.5. అప్పుడు ఎఫ్‌డీ ఒక్కసారీ తప్పదు, చర్చ అక్కడితో అయిపోతుంది.

ఇంకో జాగ్రత్త. 31కీ 28కీ మధ్య తేడా చూసి పథకం ఎంచుకోకండి. ఈ అంకెలు గంట ఆకారం అనుకుని వేసినవి. రాయ్ మాత్రం రాబడులు ఏ ఆకారంలో పరుచుకున్నా చెల్లే గణిత అసమానతతోనే పని చేశారు, తప్పే అవకాశం ఇంతకు మించదని చెప్పే హద్దు అది. కిందకు పడే పక్కను మాత్రమే చూసే అలాంటి హద్దు వాడితే, 0.58కి తప్పే అవకాశం 75 వరకూ ఉండొచ్చని మాత్రమే చెప్పగలం. వరస మారదు కానీ 28 అన్న అంకె మీద అంత నమ్మకం పెట్టుకోలేం. పైగా ఆ 9.5 సగటు ఎన్నేళ్ల చరిత్ర చూసి వేశారో అడగండి. పదేళ్లదే అయితే, డీవియేషన్ 6 ఉన్నప్పుడు సగటులోనే దాదాపు 1.9 పొరపాటు ఉండొచ్చు. అసలు సగటు 7.6 అయితే రేషియో 0.27కి పడిపోతుంది.

జయపురం అప్పారావు

అదే నేను మొదటి నుంచీ అంటున్నది! పదిహేను వేలు ఏ పండగ ఖర్చులోనో తగ్గించుకుంటే వస్తుంది.

పర్లాకిమిడి రమణ

అప్పారావు గారూ, మా ఆవిడ మందులకే పెన్షన్ సగం పోతోంది. ఏటా 15 వేలు, నాలుగేళ్లకు వడ్డీతో కలిపి 65 వేలు దాకా అవుతుంది. ఎక్కడో తేగలను కానీ సులువు కాదు. అలాగని రెండున్నర లక్షలు తగ్గితే తమ్ముడి ముఖం చూడలేను. రెండిటి మధ్య దారి ఏమైనా ఉందా?

రాయగడ శ్రీను

ఉంది. మీకు నాలుగేళ్లు ఉన్నాయి కదా. ఏళ్లు పెరిగితే సగటు ఏళ్ల లెక్కన పెరుగుతుంది, డీవియేషన్ మాత్రం వర్గమూలం లెక్కన. నాలుగేళ్లకు రేషియో రెట్టింపు. 0.58 కాస్తా 1.17 అవుతుంది, తప్పే అవకాశం 12కి దిగుతుంది. ఫండ్‌లో పెట్టి నాలుగేళ్లు చూడకండి, అంతే.

బరంపురం సుజాత

వర్గమూలం లెక్క సరైనదే, ఒక ఏడాది రాబడికి ఇంకో ఏడాది రాబడితో సంబంధం లేదనుకుంటే. కానీ అది నాలుగేళ్ల చివర ఒక్కసారి మాత్రమే చూసేవాళ్లకు. రమణ గారు ఏటా ఫీజు తీయాలి. ప్రతి ఏడాదీ 6 దాటాలి అన్నది ప్రశ్న అయితే, 0.72ను నాలుగుసార్లు గుణించండి, 0.27. అంటే నాలుగేళ్లలో ఒక్కసారైనా తప్పే అవకాశం 73. అదే ఫండ్, అవే అంకెలు. ప్రశ్న మారితే 12 కాస్తా 73 అవుతోంది.

మధ్య దారి అంటే ఇలా చూడొచ్చు. మొదటి రెండేళ్ల ఫీజు ఇప్పుడే పక్కన పెట్టండి. ఏడాది చివర 1.8, రెండో ఏడాది చివర 1.8 రావడానికి 5.5 చొప్పున దాదాపు 3.32 లక్షలు ఎఫ్‌డీల్లో వేస్తే చాలు. మిగిలిన 26.68 లక్షలను రెండేళ్లు కదపనక్కర్లేదు. అవి రెండేళ్లకు మళ్లీ 30 కావాలంటే ఏటా 6.04 శాతం రావాలి. కనీసం తగ్గలేదు, వెంట్రుకవాసి పెరిగింది, ఎందుకంటే పక్కన పెట్టింది 5.5 దగ్గరే ఉంది. కానీ ఇప్పుడు రెండేళ్లకొకసారి చూస్తే సరిపోతుంది. మిశ్రమ ఫండ్‌కు రేషియో 0.82 దాకా వస్తుంది, తప్పే అవకాశం దాదాపు 21.

కోరాపుట్ లత

లోతు కూడా చెప్పండి సుజాత గారూ. రెండేళ్లకు సగటు 19, డీవియేషన్ దాదాపు 8.5. చెడ్డ పక్కకు రెండు డీవియేషన్లు పోతే 2 శాతమే పెరిగినట్టు. 26.68 లక్షలు 27.2 అవుతాయి. 30కి ఇంకా 2.8 లక్షలు తక్కువ. అవకాశం తగ్గింది, ఒప్పుకుంటాను. పడితే లోతు మాత్రం తగ్గలేదు.

బరంపురం సుజాత

తగ్గలేదు. అది ఈ రేషియోతో తీరేది కాదు. నేనైతే రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటాను. కానీ 21 అవకాశానికి ఎంత విలువ, 2.8 లక్షల లోతుకు ఎంత విలువ అన్నది తమ్ముడితో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. అంకెలు చెప్పలేవు.

పర్లాకిమిడి రమణ

ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. కాగితం మీద నాలుగో వరుస గీశాను: రెండేళ్ల ఫీజు ఎఫ్‌డీ, మిగతాది మిశ్రమ ఫండ్. ప్రతి వరుస పక్కన తప్పే అవకాశం, తప్పితే ఎంత తప్పుతుందో రెండూ రాశాను. అంతా ఎఫ్‌డీ అన్నది ఐదో వరుసగా వేసి, దాని పక్కన 100, 15 వేలు అని రాశాను. గుణుపురం ఆయన్ని ఆ 9.5 ఎన్నేళ్లదో అడిగాను, చూసి చెబుతానన్నారు.

జయపురం అప్పారావు

తమ్ముడు ఏమన్నాడో ఇక్కడ రాయండి. నా ఓటు ఇప్పటికీ ఎఫ్‌డీకే.